మంగళవారం ఆర్డరు, గురువారం సరుకు

తణుకులో ఇళ్ల మధ్యన ఉన్న ఆ కిరాణా కొట్టుకి కావాలనే మంగళవారం ఉదయం వెళ్లాను. సబ్బులు, పేస్టుల ఏజెన్సీ సేల్స్‌మన్ ఆ వీధిలోకి వచ్చేది మంగళవారమే. ఆ రోజు ఆర్డరిస్తే సరుకు గురువారం దిగుతుంది. అతను మళ్లీ కనబడేది వచ్చే మంగళవారం. కొట్టు నడిపే దంపతులు ఏ సరుకు ఎంత తెప్పించాలో ఈ మంగళ, గురువారాల లెక్క మీదే తేల్చుకుంటారని విని, చూడాలనిపించింది.

నేను వెళ్లేసరికి ఆవిడ స్టూలెక్కి బట్టల సబ్బుల అర లెక్కపెడుతున్నారు. ఆయన గల్లా దగ్గర పొడుగు పుస్తకం తెరిచి కూర్చున్నారు. “ముప్ఫై ఉన్నాయండీ” అని ఆవిడ పైనుంచి చెబితే ఆయన రాసుకున్నారు. ముప్ఫై సబ్బులంటే అర సగం పైగా నిండినట్టే కనబడుతోంది. నాలాంటివాడైతే ఈ వారానికి అక్కర్లేదనేవాడు. ఆయన మాత్రం నాలుగు డజన్లు రాశారు.

ఎందుకని అడిగితే పుస్తకం నా వైపు తిప్పారు. ఆ సబ్బు రోజుకి ఆరు అమ్ముడవుతుంది. “ఇవాళ చెబితే ఎల్లుండి వస్తుంది కాబట్టి రెండు రోజులకి ఉంటే చాలనుకుంటారండీ అందరూ. అది కాదు. ఇవాళ రాయకపోతే మళ్లీ రాసేది వచ్చే మంగళవారం, సరుకు దిగేది ఆపై గురువారం. అంటే ఇవాళ రాసింది తొమ్మిది రోజులు లాగాలి” అన్నారు. తొమ్మిది రోజులకి యాభై నాలుగు. ఒక్కోసారి వ్యాన్ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఏజెన్సీలోనే సరుకుండదు. అందుకని మూడు రోజుల అమ్మకం, అంటే పద్దెనిమిది, అదనం. మొత్తం డెబ్బై రెండు. చేతిలో ఉన్న ముప్ఫై తీసేస్తే కావలసింది నలభై రెండు. సబ్బులు డజన్ల లెక్కన వస్తాయి కాబట్టి నలభై ఎనిమిది.

రాయకపోతే ఏమయ్యేదో కూడా ఆయనే లెక్కవేసి చూపించారు. ముప్ఫై సబ్బులు శనివారం రాత్రికి అయిపోతాయి. ఆదివారం నుంచి బుధవారం దాకా అర ఖాళీ. నాలుగు రోజులు, ఇరవై నాలుగు సబ్బులు. సబ్బు కోసం పక్క కొట్టుకి వెళ్లినావిడ పప్పూ ఉప్పూ కూడా అక్కడే కట్టించుకుంటుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత వస్తుందని ఆవిడ చెప్పారు. ఆ పాయింటు నాకు ఎవరూ ఇంతకుముందు చెప్పలేదు. వచ్చే మంగళవారం పుస్తకం చూస్తే వారంలో ముప్ఫై సబ్బులు అమ్మినట్టుంటుంది. ఏడుతో భాగిస్తే రోజుకి నాలుగు చిల్లర. ఓహో, ఈ సబ్బు తగ్గిందనుకుని ఆర్డరు తగ్గిస్తారు. మళ్లీ ముందే అయిపోతుంది. నిజానికి సబ్బులున్నది అయిదు రోజులే. అయిదుతో భాగించాలి, అప్పుడు ఆరు వస్తుంది. అందుకే అర ఖాళీగా ఉన్న రోజున పుస్తకంలో ఆ తేదీ దగ్గర ఆవిడ సున్నా చుడతారు. సున్నాలున్న రోజులు భాగహారంలోకి రావు. గల్లా పక్కనే వేలాడే చిన్న నోటుబుక్కు కూడా ఈ పని కోసమే. ఎవరైనా ఏదైనా అడిగి ‘లేదు’ అనిపించుకుంటే అందులో ఒక గీత పడుతుంది. అమ్మిన లెక్క బిల్లులు చెబుతాయి, అమ్మలేకపోయిన లెక్క ఇదొక్కటే చెబుతుంది.

ఇంతలో సేల్స్‌మన్ కుర్రాడు వచ్చాడు. సబ్బుల ఆర్డరు రాసుకుని, ఫోనులో స్కీము చూపించాడు. “బాబాయ్, పాలలో కలుపుకునే పొడి డబ్బాలు. పది తీసుకుంటే ఒకటి ఫ్రీ. ఈ వారమే.” ఆయన ఒక్క డబ్బా కూడా వద్దన్నారు. కుర్రాడు కాసేపు బతిమాలి, టీ తాగి వెళ్లాడు.

అతను వెళ్లాక నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లారు. ఒక మూల అట్టపెట్టెలో అలాంటి డబ్బాలే నాలుగున్నాయి. నిరుడు ఇదే స్కీములో కొన్నవి. డబ్బా రెండు వందల చొప్పున రెండు వేలు పెడితే పదకొండు వచ్చాయి. కానీ ఆ వీధిలో అవి అమ్ముడయ్యేది నెలకొకటి. కొట్టుకి వచ్చేసరికి గడువు తొమ్మిది నెలలే మిగిలింది. చివరి రెండు నెలల్లో తేదీ చదివినవాళ్లెవరూ తీసుకోలేదు. ఏడు పోయాయి, నాలుగు మిగిలాయి. ఉచితంగా వచ్చింది ఒకటి. గడువు దాటిన తినే వస్తువు అమ్మడం నేరం కాబట్టి వాటిని అరలోంచి తీసి, ఎవరి చేతికీ అందకుండా ఇక్కడ పెట్టారు. వాపసు తీసుకోమంటే, గడువు దాటకముందే బిల్లుతో సహా చెప్పాల్సిందని ఏజెన్సీవాళ్లు అన్నారట.

“పోయింది ఆ నాలుగు డబ్బాలే కాదండీ. ఆ వారం రెండు వేలు వాటికి పోతే సబ్బులకి డబ్బు చాల్లేదు” అన్నారావిడ. నేను ఈ కథనం రాయడానికి కారణం ఆ మాటే. కొట్లో సరుకు మూలపడటం ఒక జబ్బు, సరుకు అయిపోవడం ఇంకో జబ్బు అనుకుంటాం. చిన్న కొట్లో వారం కొనుబడికి ఉండే డబ్బు ఒకటే. అది కదలని అరలో చిక్కుకుంటే, కదిలే అర ఖాళీ అవుతుంది.

అలాగని స్కీములన్నిటినీ వాళ్లు వద్దనరు. స్కీము కోసం కొనేదంతా నలభై అయిదు రోజుల్లో అమ్ముడవుతుందా అని చూస్తారు. ఇదే సబ్బుకి పది డజన్ల మీద ఒక డజను ఫ్రీ అంటే కళ్లు మూసుకుని తీసుకుంటారు. నూట ముప్ఫై రెండు సబ్బులు ఇరవై రెండు రోజుల్లో అయిపోతాయి.

వచ్చిన ప్రతి పెట్టె మీదా స్కెచ్ పెన్నుతో తేదీ వేస్తారు. కొత్తది వెనక్కి, పాతది ముందుకి. అమావాస్య రోజు పూజయ్యాక ఇద్దరూ అరలన్నీ తిరుగుతారు. రెండు నెలలు దాటినా కదలనిది కనిపిస్తే ముందు గల్లా దగ్గరికి, నలుగురి కంటా పడేచోటికి వస్తుంది. అప్పటికీ కదలకపోతే, గడువుండగానే బిల్లు చూపించి మార్పిడి అడుగుతారు. అదీ కుదరకపోతే కొన్న ధరకే అమ్మేస్తారు. లాభం వదులుకోవడం ఆయనకి ఇప్పటికీ కష్టంగానే ఉంటుందని ముఖమే చెప్పింది. ఆవిడ మాత్రం ఈ విషయంలో గట్టి మనిషి.

తొమ్మిది రోజుల లెక్క అన్నిటికీ పనికిరాదు. ఉల్లిపాయలకి ఆయనే తాడేపల్లిగూడెం వెళ్లి అదే రోజు తెచ్చుకుంటారు. కుళ్లే సరుకు, పైగా తెచ్చుకోవడం తన చేతిలో పని. అందుకని కొద్ది రోజులకే తెస్తారు. సంక్రాంతి బెల్లానికైతే మామూలు నెలల సగటు దేనికీ ఉపయోగపడదు. అరిసెల కోసం భోగికి ముందు అమ్మకం ఒక్కసారిగా లేస్తుంది, పండగ దాటగానే పడిపోతుంది. మిగిలిన బెల్లం చెమ్మ పట్టి కారుతుంది. నిరుటి పండగ పేజీ చూసి అందులో సగం ముందు తెస్తారు, మొదటి నాలుగు రోజుల అమ్మకం చూశాకే మిగతా సగం.

నాకు ఒక సందేహం మిగిలింది. నెలకొకటి పోయే వస్తువులన్నీ తీసేస్తే, వాటి కోసమే వచ్చేవాళ్ల సంగతేమిటి? ఆవిడ పై అరలో ఉన్న కాఫీ పొడి పొట్లాలు రెండు చూపించారు. వీధి చివర ఇంటి మాస్టారు ఒక్కరే కొంటారవి. ఆయన నెల సరుకంతా ఈ కొట్లోనే. ఇలాంటివి ఓ పాతిక రకాలున్నాయట. వాటికి సగటు లేదు, స్కీము లేదు. అరలో ఎప్పుడూ రెండే. ఒకటి పోయిన రోజున పుస్తకంలో ఒకటి రాస్తారు.