వణుకుతున్నదెవరు?

మా ఆడపడుచు కూతురు డీఎడ్ చదువుతోంది. టీచింగ్ ప్రాక్టీసులో ఈసారి ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పాలట. కిందటి పాఠానికి వెనక బెంచీలో కూర్చున్న లెక్చరరు గారు, "అంతా నువ్వే మాట్లాడావు, పిల్లలు చేసిందేమీ లేదు" అని రాసిచ్చారు. దాంతో ఈ పిల్ల శనివారం పొద్దున్నే మా ఇంట్లో వాలి, "అత్తయ్యా, నీ దగ్గర సీసాలు, రబ్బరు బ్యాండ్లు, స్కేళ్ళు ఉన్నాయా?" అంది. వంటింటి సొరుగులో రబ్బరు బ్యాండ్లకి లోటేముంది! పాల ప్యాకెట్లవీ, పూలవాడు ఇచ్చినవీ అన్నీ అక్కడే చేరతాయి.

పాఠానికి నలభై అయిదు నిమిషాలు. ముందు మాటల దగ్గరే చిక్కొచ్చింది. పుస్తకంలో 'కీచుదనం' అని ఉంది. తెలుగు బి.ఏ. చదివిన దాన్ని కదా, నాకా మాట మింగుడు పడలేదు. కీచుమన్నది అని ఎవరినైనా అంటే తిట్టినట్టే! పైగా పిల్లలకి 'ఎక్కువ శబ్దం' అంటే గట్టి శబ్దమనే తోస్తుంది. టీవీ సౌండు పెంచడం, గొంతు సన్నబడడం ఒకటి కాదని తేలకపోతే మిగతా ప్రయోగాలన్నీ దండగే. అందుకని మొదట 'సన్నం - బొంగురు' అనీ, 'మెల్లగా - గట్టిగా' అనీ రెండు జతలు బోర్డు మీద రాయమన్నాను. కీచుదనం అన్న మాట చివర్లో చెప్పచ్చు.

స్కేలుతో మొదలుపెట్టాం. ముప్ఫై సెంటీమీటర్ల స్టీలు స్కేలుని బల్ల అంచున పెట్టి, ఇరవై సెంటీమీటర్లు బయటికి వదిలి మీటితే, అది ఊగడం కంటికి కనిపిస్తుంది కానీ శబ్దం సరిగా వినిపించదు. పది దగ్గరికి జరిపితే బొంగురుగా పలుకుతుంది. అయిదు దగ్గర సన్నబడి, ఊపు కంటికి అందనంత వేగమవుతుంది. ఒకే పొడుగు దగ్గర మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి మీటి వినిపించమన్నాను. గట్టిగా మీటితే శబ్దం పెద్దదవుతుందే గానీ సన్నబడదు. రెండు జతల తేడా అక్కడే తేలిపోతుంది.

మావాడు ఏడో తరగతి. వాణ్ణి పిలిచి చేయిస్తే ఎన్ని సెంటీమీటర్లు పెట్టినా ఒకటే 'టపటప' వచ్చింది. చూస్తే వాడి చెయ్యి బల్ల అంచుకి బాగా లోపల ఉంది. మధ్యలో వదులుగా ఉన్న స్కేలు బల్లని కొట్టుకుంటోంది. సరిగ్గా అంచు మీదే అరచేత్తో అదిమి పట్టాలి. పొడుగు మార్చినా శబ్దం మారకపోతే మనం వింటున్నది బల్ల చప్పుడన్నమాట. ఆ ముక్క పాఠం నోట్సులో రాసుకుంది.

రబ్బరు బ్యాండ్లలో ఇంకో తమాషా. "లాగిన కొద్దీ సన్నగా పలుకుతుంది" అని తను ముందే రాసేసుకుంది. రెండు వేళ్ళకి తగిలించి సాగదీస్తూ మీటించాను. పెద్ద తేడా రాలేదు! ఎందుకంటే లాగినప్పుడు బిగువు పెరుగుతుంది, దాంతోపాటు పొడుగూ పెరుగుతుంది. బిగువు సన్నబరిస్తే పొడుగు బొంగురు చేస్తుంది. రెండూ కలిసి ఇంచుమించు ఎక్కడున్న స్వరాన్ని అక్కడే ఉంచుతాయి. అందుకని మూత తీసిన స్టీలు టిఫిన్ డబ్బాకి అడ్డంగా ఒక లావు బ్యాండు, ఒక సన్నని బ్యాండు వేశాం. మీటే భాగం పొడుగు రెండింటికీ ఒకటే. లావుది బొంగురు, సన్నది సన్నం. తర్వాత ఒకే బ్యాండుని డబ్బా పక్కనుంచి కాస్త కిందికి లాగి పట్టుకుని మీటితే, పైన పొడుగు మారదు, బిగువు మాత్రమే పెరుగుతుంది. అప్పుడు స్వరం పైకి లేచింది. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది ఆ డబ్బానే చూపిస్తుంది.

అసలు గొడవ సీసాల దగ్గర. ఒకేరకం గాజు సీసాలు నాలుగు తీసుకున్నాం. మొదటిది ఖాళీ, రెండోది పావు, మూడోది సగం, నాలుగోది ముప్పావు నీళ్ళు. చెంచాతో తడితే ఖాళీది అన్నిటికన్నా సన్నగా, ముప్పావుది అన్నిటికన్నా బొంగురుగా పలికాయి. మావాడు ఊరుకోక మూతి దగ్గర పెదవి ఆనించి ఊదాడు. అంతా తలకిందులు! ఖాళీది బొంగురు, ముప్పావుది సన్నం.

"ఇది తీసేస్తా అత్తయ్యా, పిల్లలు గందరగోళపడతారు. తట్టడం ఒక్కటే చూపిస్తా" అంది.

నేను ఒప్పుకోలేదు. తట్టడం ఒక్కటే చూపిస్తే పిల్లలు 'నీళ్ళు ఎక్కువైతే బొంగురు' అని రాసుకుని ఇంటికి పోతారు. మర్నాడు వాళ్ళమ్మ కుళాయి కింద బిందె పెడితే, బిందె నిండే కొద్దీ శబ్దం సన్నబడుతూ వస్తుంది. మనం పొయ్యి దగ్గరుండి, చూడకుండానే "నిండొచ్చింది, కుళాయి కట్టెయ్" అనడం ఆ శబ్దాన్ని బట్టే కదా! ఇక జలతరంగం విన్న పిల్లలెవరైనా ఉంటే, పింగాణీ గిన్నెల్లో నీళ్ళు పోసిన కొద్దీ స్వరం దిగుతుందంటారు. బిందె చెప్పేదీ నిజమే, గిన్నె చెప్పేదీ నిజమే.

తేడా అల్లా వణుకుతున్నదేదన్నది. తడితే వణికేది గాజు. నీళ్ళు పోసిన కొద్దీ ఆ బరువునీ మోసుకుంటూ ఊగాలి కాబట్టి నెమ్మదిస్తుంది. ఊదితే వణికేది నీళ్ళపైన ఉన్న గాలి. నీళ్ళు పెరిగిన కొద్దీ గాలికి చోటు తగ్గుతుంది, వేగంగా వణుకుతుంది. పొట్టి స్కేలు లాగానే.

"మరి గాజో, గాలో పిల్లలకెలా తెలుస్తుంది? నేను చెప్తే నమ్మడమేగా" అంది. మంచి ప్రశ్నే. సీసా మెడ పట్టుకుని తట్టి, వెంటనే రెండో చేత్తో సీసా పొట్టని గట్టిగా పట్టుకోమన్నాను. శబ్దం టక్కున ఆగింది. ఈసారి మావాడు ఊదుతుండగా అలాగే పట్టుకోమన్నాను. శబ్దం ఆగలేదు! గాజుని పట్టుకున్నా పాట సాగుతోందంటే పాడుతున్నది గాజు కాదన్నమాట. తను మరో రెండుసార్లు పట్టుకుని, వదిలి, పట్టుకుని చూసుకుంది.

ఆ తర్వాత ప్లాను దానంతటదే కుదిరింది. స్కేలుకి ఎనిమిది నిమిషాలు, డబ్బాకి పది, సీసాలకి ఇరవై, మిగిలింది బోర్డు మీద రాయడానికి. ప్రతిసారీ మీటే ముందు 'సన్నమా, బొంగురా' అని పిల్లలు నోట్సులో రాయాలి, తర్వాతే వినాలి. అన్నిచోట్లా ఒకటే ప్రశ్న, "వణుకుతున్నదేది?" ఊదడం మటుకు సీసాకి ఒక్కరే. ఎంగిలి సీసా చేతులు మారకూడదని గట్టిగా చెప్పాను.

సీసాలు ఖాళీగా తీసుకెళ్ళి, నీళ్ళు బడి కుళాయి దగ్గరే పట్టుకోవాలి. కొలత గుర్తుకి రబ్బరు బ్యాండు చుడదామంది కానీ, అది గాజుని పట్టుకుంటే వణుకు చచ్చిపోతుంది. నా బొట్టుబిళ్ళల అట్టలోంచి మూడు ఎర్రవి తీసి పావు దగ్గర, సగం దగ్గర, ముప్పావు దగ్గర అంటించి, సీసాల్ని పాత నేతచీర ముక్కల్లో చుట్టి సంచీలో సర్దాను.