మేట్ కూతురి రెజ్యూమె

వీరులపాడు నుంచి వచ్చే మా డిగ్రీ విద్యార్థిని ఒకమ్మాయి రెజ్యూమె చూడమని తెచ్చింది. హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, లీడర్‌షిప్ క్వాలిటీస్. ఆ వారం నా దగ్గరకొచ్చిన వాటన్నిటిలోనూ అవే మాటలు. పేరు మారిస్తే ఎవరిదైనా అయిపోతుంది.

"లీడర్‌షిప్ ఎక్కడ చేశావమ్మా?" అనడిగాను.

చాలాసేపటికి చెప్పింది. వాళ్లమ్మ ఉపాధి హామీ పనుల్లో మేట్. ఎన్‌ఎంఎంఎస్ యాప్ వచ్చాక రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి హాజరు ఎక్కించాలి. అమ్మకు ఆ ఫోన్ కొత్త. రెండు వేసవులు ఈ పిల్లే పక్కనుండి సాయం చేసింది. హాజరు ఎక్కకపోతే కూలి పోతుందని నోటుబుక్కులో కూడా పేర్లు రాసిపెట్టింది.

"ఇది రాయలేదేం?"

"కూలి పని కదా సార్, బాగోదు."

ఆ 'బాగోదు' మనకెవరు నేర్పారో మీకు తెలుసు.

మేట్‌గా పనిచేశానని రాయనా అంది. వద్దన్నాను, మేట్ వాళ్లమ్మ. 'పర్యవేక్షించాను' అన్నా అబద్ధమే. తను ఎవరికీ పని పురమాయించలేదు, కొలతలు తియ్యలేదు.

చివరికి ఇలా రాసింది: "ఉపాధి హామీ మేట్ అయిన మా అమ్మకు రెండు వేసవులు సాయం చేశాను. రోజూ రెండు పూటలా 38 మంది హాజరు యాప్‌లో ఎక్కించాను. సిగ్నల్ లేని రోజుల కోసం నోటుబుక్కులో విడిగా రాశాను."

ఇంటర్వ్యూలో ఈ మూడు వాక్యాల మీద ఏమడిగినా తన దగ్గర జవాబుంది. 'టీమ్ ప్లేయర్' మీద అడిగితే ఏం చెప్తుంది?

"కులం తెలిసిపోతుందేమో సార్" అంది.

తెలియొచ్చు. ఉంచాలో తీసెయ్యాలో నీ ఇష్టం అన్నాను.

ఉంచింది.