నోటుపుస్తకం అంచున రెండు వాక్యాలు

మా హోసూరు బడిలో పదో తరగతి వాళ్లకు శుక్రవారం చివరి పీరియడ్‌లో ఒక పని ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లల లెక్కల నోటుపుస్తకాలు మేము చూడాలి. మార్కులు సారే వేస్తారు. తప్పు జరిగిన చోట, పక్కనున్న అంచులో రెండు వాక్యాలు రాయడమే మా పని. మొదటి వాక్యంలో ఏ తప్పు జరిగిందో చెప్పాలి. రెండో వాక్యంలో ఆ పిల్లో పిల్లవాడో వెంటనే పెన్ను పట్టుకుని చేయగలిగిన పని ఒకటి చెప్పాలి. జవాబు మాత్రం చెప్పకూడదు. వినడానికి సులువుగానే ఉంటుంది. కానీ ఒక్క లెక్క నాకూ, నా పక్కన కూర్చునే స్నేహితురాలికీ ఒక పీరియడ్ మొత్తం పట్టింది. దాని గురించే రాస్తున్నాను.

లెక్క ఇది: 7 − 2(x − 3) = 5. x విలువ కనుక్కోవాలి. సరైన జవాబు 4.

మొదటి పుస్తకం ఒక అబ్బాయిది. వాడు ఇలా చేశాడు:

```
7 − 2(x − 3) = 5
7 − 2x − 6 = 5
1 − 2x = 5
−2x = 4
x = −2
```

మామూలుగా అయితే దీని మీద అడ్డంగా ఒక గీత కొట్టి "తప్పు" అని రాసేస్తాం. కానీ జాగ్రత్తగా చూడండి. తప్పు రెండో వరుసలో మాత్రమే ఉంది. అక్కడ −6 కాదు, +6 రావాలి. ఆ తర్వాత మూడు వరుసలూ వాడు సరిగానే చేశాడు. అంతా కొట్టేస్తే వాడికి వచ్చిన పని కూడా రాదనుకుంటాడు. అందుకే మేము ఎప్పుడూ మొదటిసారి తప్పు దొర్లిన వరుస పక్కనే రాస్తాం, లెక్క కింద రాయం.

సరే, ఏమని రాయాలి? నా స్నేహితురాలు "గుర్తు తప్పింది, −6 ను +6 చెయ్యి" అని రాద్దామంది. అలా రాస్తే వాడు −6 మీద నిలువు గీత ఒకటి గీసి + చేస్తాడు, లెక్క సరిపోతుంది. రేపు ఇంకో లెక్కలో మళ్లీ అదే చేస్తాడు. నేను "విభాగ న్యాయం సరిగా వాడలేదు" అని రాద్దామా అన్నాను. అది పాఠ్యపుస్తకం మాట. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, పక్కింట్లో కన్నడం మాట్లాడే మా పిల్లలకు ఆ మాట చూస్తే సగం ధైర్యం పోతుంది. మేమిద్దరం ఏదీ రాయకుండా, వాడి పుస్తకంలో పాత పేజీలు తిప్పాము.

అక్కడే అసలు సంగతి దొరికింది. 9 − 2(x + 1) = 3 అనే లెక్క వాడు సరిగ్గా చేశాడు. 10 − 3(x − 1) = 4 అనేది తప్పు చేశాడు; 10 − 3x − 3 అని రాసి x = 1 తెచ్చాడు. అంటే ఇది తొందరలో జరిగిన పొరపాటు కాదు. వాడి మనసులో ఒక సూత్రం ఉంది: బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలివన్నీ మైనస్ అయిపోతాయి. లోపల ప్లస్ ఉన్నప్పుడు ఆ సూత్రం సరిగ్గానే పని చేస్తుంది. అందుకే వాడికి దాని మీద అంత నమ్మకం. "మైనస్ గుర్తులు నీకు రావు" అని ఎవరైనా రాసి ఉంటే అది అబద్ధం అయ్యేది.

చివరికి రెండో వరుస పక్కన ఇలా రాశాం: "బ్రాకెట్ ముందు మైనస్ ఉందని లోపలివన్నీ మైనస్ చేశావు, లోపల ప్లస్ ఉంటే అది సరే, ఇక్కడ 3 ముందు మైనస్ ఉంది. (−2) × (−3) విడిగా చేసి, ఈ వరుస మళ్లీ రాయి." దాని కింద చిన్నగా, "తర్వాత 10 − 3(x − 1) = 4 నువ్వే దిద్దుకో" అని కూడా రాశాం. వాక్యాలు రెండు దాటాయని సార్ నవ్వారు గానీ కొట్టేయలేదు.

రెండో పుస్తకం ఒక అమ్మాయిది. అసలు కష్టం ఇక్కడ వచ్చింది.

```
7 − 2(x − 3) = 5
5(x − 3) = 5
x − 3 = 1
x = 4
```

జవాబు సరైనదే! కానీ దారి పూర్తిగా తప్పు. 7 లోంచి 2 తీసేసింది. ఆ 2 బ్రాకెట్‌తో గుణకారంలో ఉంది, దాన్ని విడదీసి 7 తో కలపకూడదు. అబ్బాయి తప్పు కంటే ఇది పెద్ద తప్పు. జవాబు మాత్రమే చూసేవాళ్లు దీనికి నిండు మార్కులు వేస్తారు.

మామూలుగా మేము "వచ్చిన జవాబును మొదటి సమీకరణంలో పెట్టి చూడు" అని రాస్తుంటాం. అబ్బాయి x = −2 పెడితే 7 − 2(−5), అంటే 17 వస్తుంది. 5 రాలేదు గనక ఎక్కడో తప్పుందని వాడికే తెలుస్తుంది. ఎక్కడ ఉందో మాత్రం తెలియదు. ఈ అమ్మాయి 4 పెడితే 7 − 2(1) = 5, సరిపోతుంది. సరిచూడమంటే ఆమెకు తన తప్పు మీదే ఇంకా నమ్మకం కుదురుతుంది. కాబట్టి ఆ మాట ఇక్కడ పనికిరాదు.

వట్టిగా "పద్ధతి తప్పు" అన్నా పనికిరాదు. జవాబు వెనక పేజీలో ఉన్నదే కదా, ఎందుకు తప్పంటారని అడుగుతుంది. అడగాలి కూడా. తప్పును ఆమె కళ్లతో ఆమే చూడాలంటే మొదటి వరుస, రెండో వరుస ఒకటి కావని తేలాలి. అందుకు ఇలా రాశాం: "2 బ్రాకెట్‌ను గుణిస్తోంది, నువ్వు దాన్ని ముందే 7 లోంచి తీసేశావు. x కు బదులు 5 పెట్టి 7 − 2(x − 3), 5(x − 3) రెండూ విడివిడిగా చేసి చూడు, ఒకటే వస్తుందా?"

5 ను ఊరికే ఎంచుకోలేదు. 4 పెడితే రెండూ 5 అవుతాయి, తేడా కనబడదు. 5 పెడితే ఒకటి 3, రెండోది 10.

సోమవారం అబ్బాయి పుస్తకం వచ్చింది. రెండు లెక్కలూ దిద్దాడు, రెండో దానికి x = 3 వచ్చింది. ఏమీ మాట్లాడకుండా పుస్తకం పెట్టి వెళ్లిపోయాడు. అమ్మాయి మాత్రం మధ్యాహ్నం అన్నం తినే వేళకు మా దగ్గరికి వచ్చి నిలబడింది. పుస్తకంలో 3, 10 అని రాసి రెండింటి చుట్టూ సున్నాలు చుట్టింది. "అక్కా, ఇంటికాడ మాయమ్మ కూడా జవాబు సరిగ్గానే ఉంది కదా అనింది. ఇవి రెండూ వేరే వేరే అయితే నాకు 4 ఎట్లా వచ్చింది?" అని అడిగింది.

మేము రాసిన రెండు వాక్యాల్లో దానికి సమాధానం లేదు. అప్పుడు ముగ్గురం కూర్చుని చూశాం. x = 4 అయితే బ్రాకెట్ విలువ 1. 2 ను 1 తో గుణిస్తే 2 కు ఏమీ కాదు, కాబట్టి ముందే తీసేసినా, గుణించి తీసేసినా ఒకటే. బ్రాకెట్ విలువ 1 అయ్యే చోట తప్ప ఈ అడ్డదారి ఎక్కడా సరిపోదు. 1 కాకపోతే ఏమవుతుందో చూడమని, అదే లెక్కలో కుడివైపు 5 కొట్టేసి 1 వేసి ఇచ్చాను: 7 − 2(x − 3) = 1.

ముందు తన పాత పద్ధతిలోనే చేసింది. x − 3 = 1/5 వచ్చేసరికి "ఇదేంది, భిన్నం?" అని ఆగింది. తర్వాత బ్రాకెట్ విప్పి మళ్లీ చేసింది. 6 వచ్చింది. ఈసారి నేను చెప్పకముందే 6 ను పైన పెట్టి చూసుకుని, ఆ వెంటనే 5 పెట్టి రెండు వరుసలు కూడా పోల్చుకుంది. అంతలో గంట కొట్టారు, నా టిఫిన్ డబ్బా ఇంకా మూత కూడా తీయలేదు.