పోస్టరైజ్ ఒక్కటే సరిపోదు

ఫొటోకి Posterize 4 పెట్టగానే కార్టూన్ సినిమా బొమ్మ అయిపోదు. ఆ ఆదేశం ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా కోస్తుంది. చెంపమీద ఆ కోతలు ఒకేచోట పడవు కాబట్టి మన చామనఛాయలో పచ్చటి, ఎర్రటి మరకలు తేలతాయి. అందుకే ముందు నలుపు తెలుపు చేసి, అంచులు చెదరకుండా చర్మాన్ని నునుపు చేసి, మూడు మెట్లకే కోసి, ఒక్కో మెట్టుకి రంగు మనమే ఎంచుకోవాలి. నీడ అంచు రంపపు పళ్లలా ఉంటే నునుపు చాలనట్టే. ఎదురు ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ముఖంమీద నీడ దాదాపు ఉండదు; పక్కనుంచి వెలుగు పడాలి.

ఇలా చేస్తే పోలిక పోతుందంటారు. తెలంగాణలోని చేర్యాల పటాలు చూడండి: చదును రంగులే, అయినా పాత్రలు గుర్తుపడతాం, గీత ఉంది కనుక. సెల్ యానిమేషన్‌లోనూ గీత పారదర్శక షీటుకి ముందువైపు, రంగు వెనకవైపు. కళ్లు, పెదాల గీత చేత్తోనే వేయాలి.