ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు

"ఎవర్రా కొట్టింది?" అని నిలదీస్తే పిల్లలు నోరు విప్పరు. చెబితే రేపు ఇంకా ఎక్కువవుతుందన్న భయం వాళ్లది. అందుకే మా మేనల్లుడు క్యారేజీ ముట్టకుండా తెస్తున్నప్పుడు నేనా ప్రశ్న వేయలేదు. బందరు కాలువ వెంట స్కూటర్ మీద నెమ్మదిగా వెళ్తూ, వాడు నా మొహం చూడక్కర్లేని వేళ, "మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటున్నావు నాన్నా?" అన్నాను.

"మెట్ల దగ్గర."

"చెట్టు కింద తినేవాడివిగా?"

చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు. "అక్కడికి రానివ్వట్లేదు" అన్నాడు.

"అప్పుడేమైంది?" అన్నానంతే. పేర్లు నేను అందించలేదు; అందిస్తే భయపడ్డ పిల్లాడు దేనికైనా తలూపుతాడు. "నువ్వేం చేశావు?" అనీ అడగలేదు; తప్పు వాడిదేనన్నట్టు వినిపిస్తుంది.

"అమ్మకి చెప్పొద్దత్తా" అంటే మాటివ్వలేదు. "ఎవరికి చెప్పినా ముందు నీతో అంటాను" అన్నాను.

ఇంటికెళ్లి వాడి మాటలు వాడన్నట్టే, చోటూ వేళతో సహా రాసుకున్నాను. టీచరుతో "ఏడిపిస్తున్నారు" అనేకన్నా "మధ్యాహ్నం బెల్లయ్యాక, చెట్టు దగ్గర" అంటే ఎప్పుడు ఎక్కడ కనిపెట్టాలో ఆవిడకి తెలుస్తుంది. బడి పట్టించుకోకపోతే పిల్లల కోసం పగలూ రాత్రీ పలికే ఉచిత నంబరు 1098 ఉంది.