నెమలికంఠం పక్కన ఏ రంగు?

మా ఇళ్లలో నిశ్చితార్థానికి అమ్మాయి చీర అబ్బాయి వాళ్లు పెడతారు, అబ్బాయి బట్టలు అమ్మాయి వాళ్లు పెడతారు. అంటే, పక్కపక్కన కూర్చోబోయే ఇద్దరి రంగుల్నీ రెండు వేరువేరు ఇళ్లు నిర్ణయిస్తాయన్నమాట. మా చెల్లికి కిషన్‌బాగ్‌ నుంచి ముందే చీర వచ్చేసింది. నెమలికంఠం రంగు పట్టు, మెరూన్ అంచు, బంగారు జరీ. అదే రంగు కుర్తా కుట్టించేస్తే ఫోటోల్లో బావుంటుందని పెద్దవాళ్ల మాట. చెల్లి ససేమిరా అంది. "మేమేమన్నా బ్యాండుమేళమా అన్నయ్యా, ఇద్దరం ఒకే డ్రెస్ వేసుకోడానికి?"

ఇష్టాయిష్టాలు పక్కన పెట్టినా, అది కుదిరే పని కాదు. నెమలికంఠం ఒక రంగు కాదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. మడత కదిలినప్పుడల్లా ఒకటి వెనక్కి పోయి రెండోది పైకొస్తుంది. మా కజిన్ ఒకడు చీర ఫోటో మీద కలర్ పికర్ పెట్టి చూశాడు, నొక్కిన చోటల్లా ఒక కొత్త కోడ్. వాటిలో ఏ ఒక్కటి తీసుకుని మామూలు గుడ్డ మీదికి తెచ్చినా, చీర పక్కన అది వెలిసిపోయినట్టే ఉంటుంది. కొద్దిపాటి తేడా ఎప్పుడూ గురి తప్పినట్టు కనిపిస్తుంది. పెద్ద తేడా అయితే కావాలనే చేసినట్టుంటుంది.

అందుకని చీరలో తక్కువగా ఉన్న రంగు పట్టుకున్నాం, అంచులోని మెరూన్. కుర్తా మొత్తం మెరూన్ అయితే ముదురు పక్కన ముదురు, రెండూ పోట్లాడుకుంటాయి. కాబట్టి కుర్తా గంధం రంగు రా సిల్క్, మెరూన్ కండువాలో మాత్రమే. తెలుపు వద్దనుకున్నాం. పచ్చని తెలుపు పక్కన బంగారు జరీ వెలుగుతుంది, మల్లెపూవు తెలుపు పక్కన మాసినట్టుంటుంది.

తెల్ల పట్టు కండువా కొని లాడ్‌బజార్ దగ్గర రంగులేసే దుకాణానికి వెళ్లాం. ఫోన్లో ఫోటో కాదు, చీర జాకెట్టు ముక్కే తీసుకెళ్లాం. తడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది కాబట్టి ఆయన ఓ మూల ఇస్త్రీతో ఆరబెట్టి, రోడ్డు మీదికొచ్చి ఎండలో ముక్క పక్కన పెట్టి చూపించాడు. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు బయట కాస్త ఇటుక రంగులోకి తిరిగింది. మళ్లీ ముంచాడు. అంచుతో అచ్చంగా కలపొద్దు, ఇంకో రెండు ఛాయలు ముదురు చెయ్యమని చెల్లే చెప్పింది. ఫంక్షన్ హాల్లో పసుపు లైట్లుంటాయి కదా అని ఇంటికొచ్చాక గుండు బల్బు కింద కూడా చూసుకున్నాం. కొంచెం గోధుమ తిరిగింది గానీ, చీర అంచూ అలాగే తిరిగింది.

మిగిలిన భయం ఒకటే. చెమట పడితే ఆ మెరూన్ గంధం కుర్తాకి అంటుకోవచ్చు. తడి తెల్ల రుమాలుతో కండువా రుద్దితే లేత గులాబీ మరక వచ్చింది. రుమాలు తెల్లగా మిగిలేదాకా అమ్మ చన్నీళ్లలో జాడించి నీడన ఆరేసింది. నాలుగు బకెట్లు పట్టింది.