పసుపు రంగు లోహం

మా చిన్నదాని చెవి దుద్దు బళ్ళో పోయింది. రెండు రోజులు ఇల్లంతా వెతికి, మూడో రోజు బడి ఆఫీసుకెళ్ళాను. క్లర్కుగారు దొరికిన వస్తువుల రిజిస్టరు తీశారు. దొరికిన తేదీ, చోటు, వస్తువు వివరం, ఎవరు తీసుకెళ్ళారు అని గళ్ళు. నీళ్ళ సీసాలు, స్వెట్టర్ల మధ్య ఒక వరుస: "పసుపు రంగు లోహపు చెవి దుద్దు, ఒకటి. కుళాయిల దగ్గర."

"బంగారమండీ అది!" అన్నాను, కాస్త రోషంగానే.

"అయ్యుండొచ్చమ్మా. మేం గీటు పెట్టి చూడలేదు కదా. బంగారం అని రాశాక గిల్టని తేలితే, మేమే మార్చేశామంటారు. సరే, మీదేనని గుర్తేమిటి?"

రాయి సంగతి అందులో లేదేమని అడిగాను. కావాలనే రాయలేదట. అన్నీ రాసేస్తే, చదివినవాళ్ళెవరైనా అవే అప్పజెప్తారు.

"ఎర్ర రాయి. శీల వదులైతే తెల్ల దారం చుట్టాను."

ఆయన కవరు విప్పారు. దారం ఉంది. నేను తీసుకెళ్ళిన రెండో దుద్దు పక్కన పెట్టి జత చూసుకుని, చివరి గడిలో తేదీ వేసి సంతకం పెట్టించుకున్నారు.

పెడుతూ పైకి చూద్దును కదా, జూన్ 20, నీలం మూత టిఫిన్ డబ్బా, తీసుకెళ్ళిన గడి ఖాళీ. అదీ మాదే!